కుడివైపు గొంతు

మా సంఘంలో మగవాళ్లు ఎడమవైపు, ఆడవాళ్లు కుడివైపు కూర్చుంటారు. వారమంతా ఆఫీసులో మగవాళ్ల పక్కనే కూర్చుని వాళ్లతో వాదించి, వాళ్ల తప్పులు దిద్ది ఇంటికొచ్చే ఆడవాళ్లం, ఆదివారం మధ్యాహ్నం ఈ హాల్లో అడుగుపెట్టగానే కొంగు తలమీదికి లాక్కుని బుద్ధిగా కుడివైపుకి వెళ్లిపోతాం. ఎందుకని ఎవరూ అడగరు. నేను ఒకసారి అడిగి పెద్దలతో చీవాట్లు తిన్నాను.

నాకు మాత్రం రెండు వైపులా చోటు లేదు. నా కుర్చీ వెనక, మధ్యలో, సౌండ్ డెస్క్ దగ్గర. ఆడమనిషికి ఆ పని ఇవ్వడం కొందరికి మింగుడుపడలేదు. కానీ అమెరికాలోని ఈ నోవై ఊరి మంచులో అందరికంటే ముందొచ్చి వైర్లు పరిచే మగవాడు ఒక్కడూ దొరకలేదు. అందుకని ఈ రేష్మ సిస్టర్ పనికొచ్చింది.

హాలు మాది కాదు. ఒక అమెరికన్ చర్చి వాళ్లు మధ్యాహ్నాలు అద్దెకిస్తారు. జీతం తీసుకునే పాస్టర్ కూడా మాకు లేరు. సుందర్ రాజ్ అన్నయ్య వాక్యం చెప్తాడు. కార్ల కంపెనీలో ఇంజినీరు. ఏ పనైనా గీత గీసినట్టు ఉండాలి ఆయనకి. కుర్చీల వరస వంకరగా ఉంటే ప్రార్థన మధ్యలో కూడా కళ్లు తెరిచి చూస్తాడు.

ఆయన తెలుగులో వాక్యం చెప్తుంటే ఆయన కూతురు పర్సిస్ ఇంగ్లీషులో చెప్పేది. ఇక్కడ పుట్టిన పిల్లలకి మన తెలుగు ఇంటి మాటల వరకే వస్తుంది. బైబిలు తెలుగు దగ్గరికొచ్చేసరికి వాళ్లకి నిద్రొస్తుంది. నా డెస్క్ వెనక ఒక అద్దాల గది ఉంది. పసిపిల్లలు ఏడిస్తే తల్లులు ఎత్తుకెళ్లి కూర్చోవడానికి కట్టింది. పర్సిస్ అందులో తలుపేసుకుని, తండ్రి మాట ఇయర్‌ఫోన్లో వింటూ, మైకులో ఇంగ్లీషు చెప్పేది. పక్క హాల్లో పిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినేవాళ్లు. ఆ అద్దంలోంచి శబ్దం బయటికి రాదు. రెండేళ్లు ఆ పిల్ల పెదవులు కదలడం చూశాను. గొంతు మాత్రం వినలేదు. నా ముందున్న రికార్డర్ మీద కుడి మీటరులో పచ్చ గీతలు లేచి పడుతుంటే, ఓహో మాట్లాడుతోంది అనుకునేదాన్ని.

ఆ రికార్డర్ సంగతి చెప్పాలి. దానికి రెండు దారులు. ఎడమ దారిలోకి హాల్లో వినపడేదంతా, అంటే పాటలు, సుందర్ అన్నయ్య వాక్యం. కుడి దారిలోకి పర్సిస్ మైకు. రెండూ కలిసి ఒకే స్టీరియో ఫైలుగా కార్డులో పడతాయి. నాకంటే ముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన అలా కలిపి పెట్టి, ఎప్పుడైనా పిల్లల కోసం ఇంగ్లీషు వైపు విడిగా తీసుకోవచ్చన్నాడట. ఆయన ఊరు మారిపోయాడు. ఎవరూ ఎప్పుడూ తీయలేదు.

స్టీరియో ఫైలు అంటే ఎడమది ఎడమ స్పీకర్లోనే, కుడిది కుడి స్పీకర్లోనే పలుకుతుంది. ఇంట్లో ఆ రికార్డింగు పెట్టుకున్నవాళ్లకి పాట ఒక స్పీకర్లోనే వచ్చేది. రెండోది మూగ. వాక్యం మొదలయ్యాక తెలుగు ఇటు, ఇంగ్లీషు అటు. ఫోన్లు మొదలయ్యాయి.

"సిస్టర్, మా టీవీలో ఒక పక్కే సౌండొస్తంది. స్పీకర్ పోయిందేమోనని కొత్తది ఆర్డర్ చేసినం."

"మా అత్తకి ఎడమ చెవి వినపడదు. ఆవిడకి అన్నయ్య వాక్యమే అందట్లేదు."

సుందర్ అన్నయ్యకి ఇంతకంటే ఏం కావాలి. ఒకవైపు బరువెక్కువైన త్రాసులా ఉందట ఆయన రికార్డింగు. కార్డు తనకిమ్మన్నాడు. ప్రతి సోమవారం ఆఫీసు నుంచి వెళ్తూ చర్చి దగ్గర ఆగి కార్డు తీసుకెళ్లేవాడు. కంప్యూటర్లో ఫైలు తెరిచి, రెండు దారుల్నీ విడదీసి, కుడిది చెరిపేసి, ఎడమదాన్నే రెండువైపులా పెట్టేవాడు. ఒక గొంతు ఒక పక్కే వస్తున్నప్పుడు ఎవరైనా చేసేది అదే. రెండు నొక్కుల పని. మొదట్లో దిద్దకుండా బయటికి పోయినవాటిని కూడా అలాగే దిద్ది, పాతవి తీసేశాడు. యూట్యూబ్‌లో పెట్టి, కార్డు ఫార్మాట్ చేసి పూర్తిగా ఖాళీ చేసి, బుధవారం ప్రార్థనకొచ్చినప్పుడు నాకు తిరిగిచ్చేవాడు.

ఒకసారి అన్నాను. "అన్నయ్యా, ఆ కుడివైపుది వేరే ఫైలుగా దాస్తే పోలా? పర్సిస్ అంత కష్టపడి చెప్తోంది."

"ఎవరు వింటారమ్మా? ఆ పూట పిల్లలు విన్నారు, అయిపోయింది. నా వాక్యమే గదా ఇంగ్లీషులో చెప్పేది. అందులో తన సొంతం ఏముంది?"

పోట్లాడి ఉండొచ్చు. నాకు తెలిసిన సుందర్ అన్నయ్య ముందు పోట్లాట గోడకి తల బాదుకోవడమే. ఊరుకున్నాను.

జనవరిలో ఒక ఆదివారం వాక్యం ముగించాక ఆయన ప్రార్థన మనవులు అడిగాడు. ఇది మా అలవాటు. ఉద్యోగం పోయినవాళ్లు, వీసా ఆగినవాళ్లు, కడుపు పండనివాళ్లు లేచి నిలబడి అందరి ముందూ చెప్పుకుంటారు. ఇంటి గుట్టంతా మైకులో. చెప్పుకుంటే బరువు దిగుతుందంటారు. ఎవరి బరువు ఎవరి మీద దిగుతుందో మాత్రం ఎవరూ చూడరు. ఆ రోజు చివరి మనవి సుందర్ అన్నయ్యదే.

"నా కూతురి కోసం ప్రార్థించండి. డాక్టర్ కావాలని దేవుడికి మొక్కుకున్నాం. చదువు మధ్యలో వదిలేసి చిన్నపిల్లల స్కూల్లో టీచరవుతానంటోంది. తండ్రి మాట వినలేదు. మీ ముందు నిలబడటానికి సిగ్గుగా ఉంది."

హాలంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది. అందరూ అద్దాల గది వైపు చూశారు. నేనూ చూశాను. పర్సిస్ పెదవులు ఆగిపోయాయి. కాసేపటికి మళ్లీ కదిలాయి. తల దించుకోలేదు.

ఆ వారమే, పిల్లలకి ట్యూషన్ చెప్పి ఇంటికొస్తుంటే, గడ్డకట్టిన రోడ్డు మీద ఒక ట్రక్కు జారి ఆమె కారు మీదికొచ్చింది. తప్పు ఆమెది కాదని పోలీసులు చెప్పారు. ఆ మాట వల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు.

పర్సిస్ ఖననం అయ్యాక ఆదరణ కూడిక, అంటే పోయినవాళ్లని తలుచుకుని ఇంటివాళ్లని ఓదార్చే కూడిక, పెట్టాలనుకున్నారు. విమలక్క, అంటే పర్సిస్ తల్లి విమలకుమారి, ఒకే ఒక్కటి అడిగింది.

"దాని గొంతు వినిపించండి. వాక్యం చెప్పే గొంతు. పిల్లలందరూ విన్నారు, నేనొక్కదాన్నే వినలేదు. నేనెప్పుడూ హాల్లో కుడివైపు కూర్చునే ఉన్నాను గదా."

ఫోన్లలో వీడియోలు లేకపోలేదు. కేకు కోస్తూ నవ్వడం, "మమ్మీ స్టాప్" అంటూ చెయ్యి అడ్డం పెట్టడం. అన్నీ తునకలే. ఆ పిల్ల కుదురుగా నాలుగు మాటలు చెప్పినది ఆ అద్దాల గదిలోనే.

నేను వాళ్లింటికి వెళ్లాను. సుందర్ అన్నయ్య బేస్‌మెంట్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. రెండేళ్ల ఫైళ్లు వరసగా తేదీలతో పేర్లు పెట్టి ఉన్నాయి. ఒకటి తెరిచాడు. తెర మీద పైన ఒక అల, కింద ఒక అల. పైది ఎలా ఉందో కిందది అచ్చంగా అలానే ఉంది. కుడివైపు మాత్రమే వినిపించాడు. ఆయన గొంతే. ఇంకొకటి తెరిచాడు. ఆయన గొంతే.

"అన్నయ్యా, మీరు చెరిపేశారు గదా," అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినపడింది.

"ఎక్కడో అడుగున మిగిలుంటుందమ్మా. సన్నగానైనా ఉంటుంది. ఉండు."

ఆయన ఏం చేస్తున్నాడో నాకు అర్థమైంది. కుడివైపు అలని తలకిందులు చేశాడు. తర్వాత రెండువైపులనీ కలిపాడు. రెండు అలలూ ఒకటే అయితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఏమీ మిగలదు. ఒకదానిలో ఇంకేదైనా, ఎంత సన్నగా ఉన్నా, ఆ తేడా ఒక్కటే పైకి తేలి వినపడుతుంది. పర్సిస్ ఊపిరైనా మిగిలుంటే తేలాలి. తెర మీద అల తుడిచిపెట్టినట్టు పోయి గీత మిగిలింది. వాల్యూమ్ చివరిదాకా పెంచాడు. ఏమీ లేదు. ఇంకో ఫైలు. గీత. ఇంకోటి. గీత.

"ఎంత శుభ్రంగా చేశానో చూడు," అన్నాడు. నవ్వబోయాడు. ముఖం నవ్వుకి తిరగలేదు.

ఆ క్షణంలో ఆయన మీద జాలిపడాలి. నాకు కోపమే వచ్చింది. ఏం చెయ్యను, నా తీరే అంత. అప్పుడు గుర్తొచ్చింది.

"ఆఖరి ఆదివారం కార్డు మీరు తీసుకెళ్లలేదు," అన్నాను. "ఆ సోమవారం మంచు తుఫానని ఆఫీసుకే వెళ్లలేదు గదా. తర్వాత ఇదంతా. కార్డు ఇంకా రికార్డర్లోనే ఉంది."

ఆయన ఒక్క ఉదుటున లేచాడు. పైనుంచి విమలక్క కోటు వేసుకుంటూ దిగింది. నా మాట ఆమెకి వినపడింది.

చర్చిలో హీటర్ ఆపేసి ఉంది. కోట్లతోనే డెస్క్ దగ్గర నిలబడ్డాం. కార్డు నా లాప్‌టాప్‌లో పెట్టి ఫైలు తెరిచాను. ముందు దాన్ని కాపీ చేసి, ఇంకో చోట కూడా దాచి, ఆ తర్వాతే ముట్టుకున్నాను. తెర మీద పై అల ఒకలా ఉంది. కింది అల వేరేగా ఉంది. పాటలున్నంతసేపూ కింద గీత, మైకు ఆపి ఉంది కాబట్టి. తర్వాత ఉన్నట్టుండి గుబురుగా లేచింది. ఎడమ దారి నోరు నొక్కి కుడిదొక్కటే వదిలాను.

"హే గైస్. హెడ్‌ఫోన్స్ ఆన్? షాన్, నాట్ ఆన్ యువర్ నోస్."

విమలక్క నా చెయ్యి పట్టుకుంది. వేళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి. పర్సిస్ గొంతు నేననుకున్నట్టు సన్నగా లేదు. నిదానంగా, కాస్త బొంగురుగా ఉంది. తండ్రి చెప్పే పెద్ద పెద్ద మాటల్ని చిన్నచిన్నవి చేసి పిల్లల చేతికిస్తోంది. ఆయన ఎక్కడో అరిచి ఉంటాడు. ఆమె అరవలేదు. ఒకచోట నవ్వు ఆపుకుంది కూడా.

"నా మాటలు కావివి," అన్నాడు సుందర్ అన్నయ్య మెల్లగా. "నాకంటే బాగా చెప్తోంది."

విమలక్క కళ్లు మూసుకుని వింటోంది. నేలమీదికి కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోవడం లేదు. ఆ కాసేపూ ఆ చలి గదిలో కూతురు వాళ్లతోనే ఉంది.

ఇంతలో ఆయనకి ఆ ఆదివారం గుర్తొచ్చింది. ముఖం పాలిపోయింది.

"ఆపు రేష్మా."

"ఉండనియ్," అంది విమలక్క కళ్లు తెరవకుండానే.

"విమలా, వద్దు. చాలు. ఇక్కడికి కోసి..."

ఆయన మాట పూర్తికాలేదు.

"ప్లీజ్ ప్రే ఫర్ మై డాటర్," అంది పర్సిస్.

ఆగింది. మా ముగ్గురికీ ఆమె ఊపిరి వినపడింది.

"వి ప్రామిస్డ్ గాడ్ షి వుడ్ బి ఎ డాక్టర్. షి లెఫ్ట్ ప్రీ-మెడ్. షి వాంట్స్ టు టీచ్ లిటిల్ కిడ్స్. షి డిడ్ నాట్ లిజన్ టు మీ. ఐ యామ్ అషేమ్డ్ టు స్టాండ్ బిఫోర్ యూ."

ఒక్క మాట వదల్లేదు. ఒక్క మాట కలపలేదు. ఆ పని అలాగే చెయ్యాలని నేర్పింది ఆయనే. 'మా నాన్న అంటున్నారు' అని ఎప్పుడూ అనకూడదు, నేను 'నేను' అంటే నువ్వూ 'ఐ' అనాలి, నీ గొంతులో నేనే వినపడాలి అని మొదటిరోజే నా ముందే చెప్పాడు. ఆ పిల్ల చివరిదాకా తప్పలేదు. తన గురించి తండ్రి పడ్డ సిగ్గుని తన నోటితో, తండ్రిగా, పిల్లలకి చెప్పింది.

ఆమెన్ అంది. తర్వాత మామూలు గొంతుతో, "ఓకే గైస్, దట్స్ ఇట్. హెడ్‌ఫోన్స్ బాక్స్‌లో పెట్టండి. స్నాక్స్ కిచెన్‌లో ఉన్నాయి. డోంట్ రన్," అంది. కింది అల మళ్లీ గీత అయింది.

సుందర్ అన్నయ్య టేబుల్ అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ ముక్క తీసెయ్ రేష్మా," అన్నాడు ఆఖరికి. "ఒక నిమిషం కూడా లేదు. ముందుది పెట్టు. అందరి ముందూ... ఆ మాట దాని నోట..."

తీయడం ఎంత పని. రెండు చోట్ల గుర్తు పెట్టి నొక్కితే పోతుంది. నేను విమలక్క వైపు చూశాను.

"అందరి ముందే గదా అన్నారు," అంది ఆమె. ఆమె ఆయనకి ఎదురు చెప్పడం అంతకుముందు నేను వినలేదు. "రెండేళ్లు వారం వారం కింద కూర్చుని దాని గొంతు తీసేశారు. నేను పైన అన్నం వండుతా ఉన్నాను. మీకు కాఫీ తెచ్చి కూడా ఇచ్చాను. ఇంక ఒక్క అక్షరం తీస్తే నేను ఊరుకోను. మిగిలిందే ఇది."

"విమలా, నేను తెలియక..."

"తెలియక కాదు. దాని సొంతం ఏముందనుకున్నారు."

నేను ఆయన ఆ మాట నాతో అన్నాడని ఆమెకి చెప్పలేదు. ఇంట్లో ఎన్నిసార్లు అన్నాడో. ఆయన తలుపు తోసుకుని మంచులోకి వెళ్లిపోయాడు. విమలక్క కార్డు తీసి రుమాలులో చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

"కూడికలో ఎలా పెట్టమంటావు అక్కా?" అన్నాను. "ఎడమది తీసేసి పర్సిస్‌ని రెండు స్పీకర్లలోనూ వినిపించొచ్చు. బాగుంటుంది."

ఆమె ఆలోచించింది.

"వద్దు. ఆయన చేసిన పనే మనమూ చెయ్యడమెందుకు? ఎవరి గొంతు వాళ్ల చోటనే ఉంచు."

ఆదరణ కూడిక రోజు హాలు నిండిపోయింది. మగవాళ్లు ఎడమవైపు, ఆడవాళ్లు కుడివైపు, ఎప్పటిలాగే. పిల్లల్ని కూడా ఆ రోజు హాల్లోనే కూర్చోబెట్టారు. సుందర్ అన్నయ్య వస్తాడో రాడో అనుకున్నాను. వచ్చాడు. ఎడమవైపు మొదటి వరసలో, స్పీకర్ కిందే, ఎప్పుడూ ఆయనకి కేటాయించే కుర్చీలో కూర్చున్నాడు. విమలక్క కుడివైపు మొదటి వరసలో కూర్చుంది. పక్క కుర్చీలో కోటు పెట్టుకుంది. మధ్యలో నడిచే దారి.

మామూలుగా లాప్‌టాప్ నుంచి వచ్చేదాన్ని డెస్క్ మీద కలిపి రెండు స్పీకర్లకీ ఒకేలా పంపుతాను. ఆ రోజు ఎడమ దారి ఎడమ స్పీకర్‌కి, కుడి దారి కుడి స్పీకర్‌కి విడివిడిగా తిప్పి, మొదలుపెట్టాను.

ఎడమవైపు నుంచి సుందర్ అన్నయ్య గట్టిగా, తెలుగులో. కుడివైపు నుంచి కూతురు నిదానంగా, ఇంగ్లీషులో. మగవాళ్లకి ఆయనే ఎక్కువ వినపడుతున్నాడు. ఆడవాళ్లకి ఆ పిల్లే. పెద్దల్లో ఒకరు, నతానియేల్ అంకుల్, వంగి వంగి నా దగ్గరికొచ్చాడు.

"రేష్మా, పాప గొంతు ఒక పక్కే వస్తందమ్మా. మాకు సరిగ్గా అందట్లా. ఫిక్స్ చెయ్యి."

"అది అంతే అంకుల్. కూర్చోండి."

"అట్లా అంటే ఎట్లా? రెండువైపులా..."

"కూర్చోండి అంకుల్!"

ఆయన బిత్తరపోయి వెళ్లిపోయాడు. నేను తెర మీద అల చూస్తున్నాను. ఆ చోటు దగ్గరపడుతోంది. ఎడమ స్పీకర్లో ప్రార్థన మనవులు మొదలయ్యాయి. ఎవరిదో ఉద్యోగం, ఎవరిదో ఆపరేషన్.

సుందర్ అన్నయ్య లేచి నిలబడ్డాడు. బయటికి వెళ్లిపోతాడనుకున్నాను. చాలామంది అలాగే అనుకున్నట్టున్నారు, మోకాళ్లు పక్కకి జరిపి దారిచ్చారు. ఆయన తలుపు వైపు తిరగలేదు. నడిచే దారి దాటి ఆడవాళ్ల వైపుకి వచ్చాడు. మా సంఘంలో పెళ్లికొడుకు కూడా అటు అడుగుపెట్టడు. ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు. ఎవరో గొణిగారు. ఆయన కుడి స్పీకర్ కింద, భార్య ముందు, ఎక్కడ కూర్చోవాలో తెలియనివాడిలా నిలబడిపోయాడు.

విమలక్క ఆయన్ని చూడలేదు. చూడకుండానే పక్క కుర్చీలో కోటు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆయన కూర్చున్నాడు.

"నా కూతురి కోసం ప్రార్థించండి," అన్నాడు ఆయనే, ఖాళీ అయిన తన కుర్చీ మీది స్పీకర్లోంచి.

"ప్లీజ్ ప్రే ఫర్ మై డాటర్," అంది పర్సిస్, ఆయన తల మీది స్పీకర్లోంచి.

హాలంతా విన్నది. ఆయన రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడుపుకి మైకు అక్కర్లేకపోయింది, వెనకున్న నాక్కూడా వినపడింది. విమలక్క ఏడవలేదు. ఆయన్ని ముట్టుకోలేదు. కోటు మీద చేతులు పెట్టుకుని ముందుకి చూస్తూ ఉండిపోయింది.

ఎడమ స్పీకర్ ఆమెన్‌తో ఆగిపోయింది. కుడిది ఇంకా ఉంది.

"ఓకే గైస్, దట్స్ ఇట్. హెడ్‌ఫోన్స్ బాక్స్‌లో పెట్టండి."

నా ముందు వరసలో కూర్చున్న ఒక చిన్నది చెవుల దగ్గర చేతులు పెట్టి హెడ్‌ఫోన్లు వెతుక్కుంది. లేవని తెలిసి చేతులు దించేసి వాళ్లమ్మ వైపు చూసింది.